95 కోట్ల ప్రాజెక్టులో ఏడు కోట్ల ఇంజనీరు

సైట్ ఇంజనీరు ఉద్యోగానికి వచ్చే రెజ్యూమేలు వరసగా పది చదివితే, పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. "95 కోట్ల గృహ సముదాయ ప్రాజెక్టులో సైట్ ఇంజనీరుగా పనిచేశాను" అని మొదటి వాక్యం. దాని కింద నాణ్యత పర్యవేక్షణ, భద్రతా నియమాల అమలు, కాంట్రాక్టర్లతో సమన్వయం, బిల్లుల తనిఖీ. ఇందులో అబద్ధం ఉండకపోవచ్చు. కానీ మనిషి ఏం కట్టాడో మాత్రం ఎక్కడా కనిపించదు.

ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చునేది సాధారణంగా ప్రాజెక్ట్ మేనేజరో, ప్లానింగ్ ఇంజనీరో. వాళ్లు రెజ్యూమేను కథలా చదవరు, బిల్లులా చదువుతారు. ఒక అంకె కనిపించగానే దాన్ని పక్క అంకెతో గుణించి, భాగించి చూస్తారు. ఇంత వైశాల్యానికి ఇంత కాంక్రీటు పడుతుందా, ఇంత కాంక్రీటుకు ఇంత ఇనుము సరిపోతుందా, ఇన్ని రోజుల్లో ఇన్ని స్లాబులు పడతాయా అని. అందుకే సైట్ ఇంజనీరు రెజ్యూమేలో ఉండాల్సిన నాలుగు సంగతులు, అంటే పని విలువ, కట్టిన కట్టడాలు, భద్రత రికార్డు, కాంట్రాక్టర్లతో నడిపిన పని, ఒకదానికొకటి సాక్ష్యం చెప్పేలా ఉండాలి. ఒకటి తప్పయితే మిగతా మూడూ దాన్ని పట్టిస్తాయి.

ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క కట్టి చూద్దాం. మనిషి కల్పితం, అంకెలు మాత్రం హైదరాబాద్ పడమటి శివార్లలో అలాంటి సైటుకు సరిపోయేవే. బీటెక్ చేసి ఆరేళ్లయిన ఒక ఇంజనీరు. చివరగా చేసిన ప్రాజెక్టులో ఐదు టవర్లు. ఒక్కో టవరుకు సెల్లార్, స్టిల్ట్, పైన తొమ్మిది అంతస్తులు. అంతా కలిపి కాంట్రాక్టు విలువ 95 కోట్లు. అతను చూసింది "సి" టవరు ఒక్కటే, అది కూడా కట్టడం వరకే. ప్లాస్టరింగు, టైల్స్, రంగులు మొదలయ్యేసరికి వేరే ఇంజనీరు వచ్చాడు.

ఇప్పుడు అతను 95 కోట్లు అని రాయాలా? రాయొచ్చు, ప్రాజెక్టు పరిమాణం తెలుస్తుంది కాబట్టి. కానీ దాని పక్కనే తన వాటా ఉండాలి. ఆ వాటా ఎలా తేలుతుందంటే, ప్రతి నెలా క్లయింటుకు వెళ్లే రన్నింగ్ అకౌంట్ బిల్లు, సైటులో అందరూ ఆర్ఏ బిల్లు అనేది, అందులో సి టవరు కట్టడానికి సంబంధించిన వరసలు కూడాలి. కొలతలు తీసింది అతనే కాబట్టి ఆ మొత్తం అతని చేతి మీదుగా నడిచిన పని.

లెక్క ఇలా వస్తుంది. అంతస్తు స్లాబు వైశాల్యం 9,500 చదరపు అడుగులు. సెల్లార్ పైకప్పుతో కలిపి పదకొండు స్లాబులు, అంటే 1,04,500 చదరపు అడుగులు. రాఫ్టు పునాది, రిటైనింగ్ గోడలు, కాలమ్‌లు, లిఫ్టు గోడలు, స్లాబులు అన్నీ కలిపి కాంక్రీటు దాదాపు 4,000 ఘనపు మీటర్లు. ఇనుము 440 టన్నులు. సెంట్రింగ్ దాదాపు 22,000 చదరపు మీటర్లు. కాంక్రీటుకు ఘనపు మీటరుకు ఆరున్నర వేలు, ఇనుముకు కట్టుబడితో సహా టన్నుకు 72,000, సెంట్రింగుకు చదరపు మీటరుకు 500 చొప్పున వేసుకుంటే మొత్తం ఏడు కోట్ల దరిదాపుల్లో తేలుతుంది.

95 నుంచి ఏడుకు దిగగానే చాలామందికి మనసు ఒప్పుకోదు. అంత చిన్న అంకె రాస్తే పిలుస్తారా అని భయం. నా అనుభవంలో జరిగేది అందుకు తిరకాసు. 95 కోట్లు మాత్రమే రాసిన వాడిని మొదటి ప్రశ్నలోనే "అందులో నువ్వు చూసిందెంత?" అని అడుగుతారు. జవాబు కోసం తడుముకుంటే అక్కడే తేలిపోతుంది. ఏడు కోట్లు అని రాసినవాడికి ఆ ప్రశ్న రాదు, నేరుగా పనిలోకి దిగుతారు. పెద్ద ప్రాజెక్టుల్లో చేసినవాళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం. పోలవరంలో చేశానంటే ఎదుటివాడికి తెలిసేది ఏముంది? స్పిల్‌వేకే 48 గేట్లున్నాయి. ఏ పియర్ల దగ్గర ఉన్నాడు, ఎంత కాంక్రీటు పోయించాడు, పగటి షిఫ్టా రాత్రి షిఫ్టా అన్నది తెలిస్తేనే మనిషి కనబడతాడు.

ఇక ఇంటర్వ్యూ చేసేవాడి కాగితం మీదకు వద్దాం. 440 టన్నుల ఇనుమును 1,04,500 చదరపు అడుగులతో భాగిస్తే అడుగుకు నాలుగు కిలోల పైచిలుకు. ఈ ఎత్తు అపార్టుమెంటుకు అది నమ్మదగిన అంకె. 440 టన్నులను 4,000 ఘనపు మీటర్లతో భాగిస్తే ఘనపు మీటరుకు 110 కిలోలు. అదీ సరిపోయింది. ఇదే రెజ్యూమేలో ఎవరైనా అదే వైశాల్యానికి 900 టన్నులు అని రాశాడనుకోండి, రెండు టవర్ల లెక్క ఒకదానికి వేసుకున్నాడని అర నిమిషంలో తెలిసిపోతుంది. కావాలని చేసి ఉండకపోవచ్చు. స్టోర్సులోకి వచ్చిన మొత్తం ఇనుము అంకెను తన టవరుదే అనుకుని రాసేవాళ్లు ఎక్కువ. అందుకే ఇనుము అంకెను స్టోర్సు రిజిస్టరు నుంచి కాదు, బార్ బెండింగ్ షెడ్యూల్ నుంచి తీయాలి. ఆ షెడ్యూల్లో ఏ బీముకు ఏ సైజు రాడ్డు, ఎన్ని, ఎంత పొడవు, ఎంత బరువు అన్నది ఉంటుంది. కాంక్రీటు అంకెను పోర్ రిజిస్టరు నుంచి తీయాలి.

కట్టడాల గురించి రాసేటప్పుడు "బహుళ అంతస్తుల భవనం" అని వదిలేయకుండా, అందులో కష్టం ఎక్కడుందో ఒక్క ముక్క చెప్పాలి. మన ఇంజనీరు టవరులో అది సెల్లార్. పక్క స్థలంలో అప్పటికే ఇల్లు ఉంది, మట్టి తవ్వితే జారే ప్రమాదం. రిటైనింగ్ గోడను ముక్కలు ముక్కలుగా పోసుకుంటూ వచ్చారు. ఇది రెజ్యూమేలో ఒక్క వరస. కానీ చదివేవాడు ఆగేది అక్కడే.

స్లాబుల వేగం మీద అందరికీ మోజు. "ఏడు రోజులకో స్లాబు" అని రాసే ముందు ఒక్కసారి ఆలోచించాలి. భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, సాధారణ పోర్ట్‌ల్యాండ్ సిమెంటు వాడినప్పుడు నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద ప్రాప్‌లు కనీసం 7 రోజులు ఉంచాలి. ఆరు మీటర్ల లోపు బీముల కింద 14 రోజులు. ఫ్లైయాష్ కలిసిన సిమెంటయితే ఇంకా ఎక్కువ ఆగాల్సి రావచ్చు. మామూలు ప్లైవుడ్ సెంట్రింగుతో ఏడు రోజులకో స్లాబు వేశానంటే వచ్చే ప్రశ్న ఒకటే: "ఎన్ని సెట్ల సామాను ఉంది?" అల్యూమినియం ఫార్మ్‌వర్క్ అయితే, ప్యానెళ్లు తీసినా ప్రాప్‌లు కదలకుండా ఉండే ఏర్పాటు ఉంటుంది కాబట్టి ఆ వేగం సాధ్యమే. అప్పుడు ఆ సంగతి రాయాలి. మన ఇంజనీరు దగ్గర ఉన్నది రెండు సెట్ల ప్లైవుడ్ సామాను. మొదటి స్లాబులకు 24 రోజులు పట్టింది, చివరికి 16కు దిగింది. రెజ్యూమేలో అలాగే రాశాడు. రెండు సెట్లతో 16 రోజులంటే బీముల కింద 14 రోజులు ప్రాప్‌లు నిలిచాయన్నమాట. వేగం, క్రమశిక్షణ రెండూ ఒక్క వాక్యంలోనే చెప్పుకున్నట్టయింది.

నాణ్యత గురించి కూడా ఇలాగే. ఒక్కో స్లాబుకు, బీములతో కలిపి 175 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. ఐఎస్ 456లో నమూనాల లెక్క ఉంది. 31 నుంచి 50 ఘనపు మీటర్ల దాకా నాలుగు నమూనాలు, ఆ పైన ప్రతి 50కీ, మిగిలిన ముక్కకూ ఒక్కొక్కటి. 175కు ఏడు నమూనాలు. నమూనాకు మూడు క్యూబుల చొప్పున 28 రోజుల పరీక్షకే 21 క్యూబులు, ఏడు రోజుల పరీక్షకు తీసేవి వేరు. "ఒక స్లాబుకు ఎన్ని క్యూబులు తీశావు?" అని అడిగితే "ఆరు" అని జవాబిచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. ఆరు తీసి ఉంటే ఆరని చెప్పడమే మంచిది. రెజ్యూమేలో మాత్రం "ఐఎస్ ప్రమాణాల ప్రకారం నాణ్యత" అని రాయకూడదు.

భద్రత దగ్గరికి వస్తే దాదాపు అందరూ రాసేది "జీరో యాక్సిడెంట్". పద్నాలుగు నెలలు, తొమ్మిది అంతస్తులు, సెంట్రింగ్ పని, ఒక్కరికి మేకు కూడా గుచ్చుకోలేదా? చదివేవాడికి రెండు అనుమానాలు వస్తాయి. ఒకటి, గాయాలు రాసిపెట్టే రిజిస్టరే లేదేమో. రెండు, ఉన్నా దాచారేమో. రెండూ ఇంజనీరుకు మంచివి కావు.

దీనికి సరైన పద్ధతి ఉంది. ముందు పని గంటలు కట్టాలి. సి టవరులో రోజూ సగటున 90 మంది, నెలకు 26 రోజులు, రోజుకు 9 గంటలు, 14 నెలలు. గుణిస్తే 2,94,840 గంటలు. మస్టర్ పుస్తకం నుంచి తీస్తే ఇంకా కచ్చితంగా వస్తుంది. తర్వాత గాయాలను విడదీయాలి. ప్రథమ చికిత్సతో సరిపోయినవి ఒక వరస. మనిషి మర్నాడు పనికి రాలేకపోయినవి, అంటే లాస్ట్ టైమ్ ఇంజురీలు, ఇంకో వరస. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 48 గంటలు, అంతకు మించి పనికి దూరమయ్యే గాయాన్ని అధికారులకు తెలపాలని చెప్పింది కాబట్టి, ఈ విభజన యాజమాన్యం సొంత లెక్క మాత్రమే కాదు.

మన ఇంజనీరు రికార్డులో లాస్ట్ టైమ్ ఇంజురీ ఒకటుంది. రెండో అంతస్తులో సెంట్రింగ్ విప్పుతుండగా కింద పడేసిన చెక్కలోని మేకు ఒక కార్మికుడి పాదంలో దిగింది. మూడు రోజులు పనికి రాలేదు. ఆ తర్వాత విప్పిన చెక్కను అక్కడికక్కడే మేకులు పీకి, కట్టలు కట్టాకే కిందికి దించాలని నియమం పెట్టారు. ఆ పని కోసం సెంట్రింగ్ ముఠాలో ఇద్దరిని కేటాయించారు. మిగతా ఏడు అంతస్తుల్లో అలాంటి గాయం మళ్లీ రాలేదు. ప్రథమ చికిత్స కేసులు 14. దెబ్బ తగలకుండా తప్పిపోయిన సంఘటనలు, సైటులో నియర్ మిస్ అని రాసుకునేవి, 31. ఈ మూడు అంకెలూ, ఆ ఒక్క దిద్దుబాటూ రాస్తే చాలు. నియర్ మిస్‌లు ఎక్కువ ఉంటే తప్పని చాలామంది అనుకుంటారు. అనుభవమున్న సేఫ్టీ మేనేజరు మాత్రం దాన్ని, సైటులో మనుషులు భయపడకుండా వచ్చి చెబుతున్నారని చదువుకుంటాడు.

గాయాల రేటు రాయదలిస్తే దేనికి కట్టారో కూడా రాయాలి. భారత ప్రమాణం ఐఎస్ 3786 పది లక్షల పని గంటలకు కడుతుంది. ఒక గాయాన్ని పది లక్షలతో గుణించి 2,94,840తో భాగిస్తే 3.4. అమెరికా పద్ధతిలో రెండు లక్షల గంటలకు కడతారు, వంద మంది వారానికి 40 గంటల చొప్పున ఏడాదికి 50 వారాలు చేసే పని అది. ఆ లెక్కన అదే గాయం 0.68 అవుతుంది. గల్ఫ్‌కు దరఖాస్తు పెట్టే మనవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అక్కడి కంపెనీ ఏ పద్ధతి వాడుతుందో తెలియకుండా ఉత్త 3.4 అని రాస్తే, అవతలివాడు దాన్ని ఐదు రెట్లు చెడ్డ రికార్డుగా చదివే ప్రమాదం ఉంది. పని గంటలు, గాయాల సంఖ్య విడిగా ఇస్తే ఎవరి పద్ధతిలో వాళ్లు కట్టుకుంటారు.

నాలుగోది, నా దృష్టిలో అన్నిటికన్నా తక్కువగా రాసేది, కాంట్రాక్టర్లతో నడిపిన పని. "సబ్ కాంట్రాక్టర్లతో సమన్వయం చేశాను" అనే వాక్యంలో ఎవరెవరు, దేని గురించి, గొడవ వస్తే ఏమైంది అన్నది లేదు. స్లాబు ముందు రోజును తలుచుకుంటే ఈ పని ఏమిటో అర్థమవుతుంది. సెంట్రింగ్ మేస్త్రీ లెవెల్ కట్టి ఇవ్వాలి. రాడ్ బెండింగ్ ముఠా కింది వరస ఇనుము పరవాలి. ఆ పైన ఎలక్ట్రీషియన్ పైపులు, ఫ్యాన్ బాక్సులు పెట్టాలి. అతను ఆలస్యం చేస్తే రాడ్ బెండింగ్ వాళ్లు పై వరస పరిచేస్తారు, అతను మళ్లీ రాడ్లు జరిపి పైపులు దూరుస్తాడు, కట్టు తీగలు ఊడిపోతాయి. ప్లంబర్ బీముల్లో స్లీవ్‌లు పెట్టాలి. ఆర్ఎంసీ ప్లాంటుకు ఎన్ని లారీలు, ఎన్ని గంటలకో చెప్పాలి. రాడ్ బెండింగ్ ముఠాకు టన్ను లెక్క, సెంట్రింగ్ ముఠాకు వైశాల్యం లెక్క, కాంక్రీటు ముఠాకు ఘనపు మీటరు లెక్క. ఎవరికి ఎక్కడ ఆలస్యమైనా నష్టపోయేది వాళ్లే కాబట్టి, ఎవరి తొందర వాళ్లది.

మన ఇంజనీరుకు రెండో అంతస్తు స్లాబులో ప్లంబర్ స్లీవ్‌లు పెట్టడం మరిచిపోయాడు. కాంక్రీటు గట్టిపడ్డాక బాత్రూమ్ పైపుల కోసం బీములకు కోర్ కటింగ్ మెషీన్‌తో బెజ్జాలు కొట్టాల్సి వచ్చింది. బీముకు బెజ్జం కొట్టాలంటే స్ట్రక్చరల్ ఇంజనీరు అనుమతి కావాలి, మధ్యలో రాడ్డు తెగితే మరమ్మతు వేరే. తప్పు ఎవరిదన్నది తేలలేదు. డ్రాయింగు ఇవ్వలేదని ప్లంబర్, ఇచ్చామని ఆఫీసు. ఆ తర్వాత అతను చేసింది రెండు పనులు. అంతస్తుకో స్లీవ్ డ్రాయింగు గీసి సైటులోనే గోడకు అంటించాడు. స్లాబుకు ముందు సంతకాలు పెట్టే పోర్ కార్డులో ప్లంబరుకూ, ఎలక్ట్రీషియనుకూ ఒక్కో గడి చేర్చాడు. వాళ్ల సంతకాలు లేకుండా ఆర్ఎంసీకి ఫోన్ చేయలేదు. మూడో అంతస్తు నుంచి పైకి బీములకు ఒక్క బెజ్జం పడలేదు. రెజ్యూమేలో దీనికి రెండు వరసలు చాలు: "సెంట్రింగ్, రాడ్ బెండింగ్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్, ఆర్ఎంసీ, ఐదు ఏజెన్సీల పని నడిపాను. పోర్ కార్డులో ప్లంబర్, ఎలక్ట్రీషియన్ సంతకాలు తప్పనిసరి చేశాక బీముల కోర్ కటింగ్ అవసరం రాలేదు."

డబ్బు లెక్కల్లోనూ ఒక అంకె చెప్పాలి. సి టవరు పేరు మీద సైటుకు వచ్చిన ఇనుము 455 టన్నులు, షెడ్యూల్ ప్రకారం పట్టింది 440. తేడా 15 టన్నులు, మూడున్నర శాతానికి కాస్త తక్కువ. తునకలు, తుక్కు కలిపి ఆ మాత్రం సహజమే. ఈ అంకె రాశాడంటే వచ్చిన ఇనుముకూ కట్టిన ఇనుముకూ లెక్క సరిచూశాడని అర్థం. దీన్ని చూసి మురిసిపోయే ప్లానింగ్ ఇంజనీర్లున్నారు, నాతో సహా. కానీ కాంట్రాక్టర్లకు ఇచ్చిన రేట్లు, క్లయింటు డ్రాయింగులు మాత్రం రెజ్యూమేలోకి రాకూడదు. అవి పాత కంపెనీవి. కొత్త కంపెనీ వాళ్లు అది చూస్తే, రేపు మా రేట్లూ ఇలాగే బయటపెడతాడు అనుకుంటారు. పైన ఏడు కోట్లు తేల్చడానికి వేసిన రేట్లు కూడా మన లెక్క కోసమే, కాగితం మీదికి పోయేది మొత్తం ఒక్కటే.

ఇవన్నీ సైటు వదిలాక గుర్తు చేసుకుని రాద్దామంటే కుదరదు. రిజిస్టర్లు ఆఫీసులోనే ఉంటాయి, మనిషి బయట ఉంటాడు. నెలాఖరున ఆర్ఏ బిల్లు పంపే రోజే ఆ నెల కాంక్రీటు, ఇనుము, సెంట్రింగ్, పని గంటలు, గాయాలు ఐదు గళ్లలో తన నోట్‌బుక్‌లో రాసుకుంటే పదిహేను నిమిషాల పని. ఫోటోకాపీలు అక్కర్లేదు, అంకెలు చాలు. రెండు పేజీల రెజ్యూమేలో మొదటి పేజీ సగం ఈ పట్టికకే ఇవ్వాలి. లక్ష్యం, వ్యక్తిత్వం లాంటి పేరాలు తీసేస్తే చోటు దానంతటదే వస్తుంది.

రెఫరెన్సుల కింద మేనేజరు పేరు రాయడం మామూలు. దాని కింద సెంట్రింగ్ కాంట్రాక్టరు పేరు కూడా, ఆయన్ని అడిగి, పెడితే చదివేవాడు తప్పకుండా గమనిస్తాడు. ఇంటర్వ్యూ అయ్యాక ఆ నంబరుకు ఫోన్ వెళ్తుంది. అడిగేవి రెండే ప్రశ్నలు: ఆ అబ్బాయి స్లాబు అయిన ఎన్నాళ్లకు కొలతలు తీసేవాడు, తీసిన కొలత మీద మీకు తేడా వస్తే మళ్లీ టేపు పట్టుకుని వచ్చేవాడా లేదా.